నెలాఖరు వస్తే మొదలయ్యే భయం

“డాక్టర్ గారికి నమస్కారం. ఎదురుగా కూర్చుని చెప్పలేక రాస్తున్నాను. చిన్నప్పుడు నాకు కామెర్లు వస్తే మందిచ్చింది మీరే. నాన్నగారికి గుండె నొప్పి వచ్చిన రాత్రి ఆలస్యం చేయకుండా గుంటూరు తీసుకెళ్లమన్నదీ మీరే. అందుకే ఇంకెవరికీ చెప్పుకోలేనిది మీకు రాస్తున్నాను. నాలుగు నెలలుగా నాకు అంగం సరిగా గట్టిపడటం లేదు. ఒక్కోసారి మొదట బాగానే ఉండి మధ్యలో మెత్తబడిపోతుంది. ఒక్కోసారి అసలు లేవనే లేవదు. పెళ్లయి నాలుగేళ్లయింది. ఇంతకుముందు ఎప్పుడూ ఇలా లేదు.”

ఈ ఉత్తరం ఏ ఒక్కరిదీ కాదు. ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరకు వచ్చే మగవాళ్లు మాటిమాటికీ చెప్పే సంగతులను ఈ కథనం కోసం ఒకచోట కూర్చినది. రాసినతనికి 34 ఏళ్లు అనుకుందాం. సొంతూరు తెనాలి. విజయవాడలో ఒక ప్రైవేటు బ్యాంకులో ఇంటి రుణాల విభాగంలో టీమ్ లీడర్. ఉత్తరం అందుకున్న డాక్టరు తెనాలిలో ఆ కుటుంబాన్ని రెండు తరాలుగా చూస్తున్న పెద్దాయన.

ఇలాంటి ఉత్తరాలు తెలుగువాళ్లకు కొత్త కాదు. స్వాతి వారపత్రికలో విజయవాడ డాక్టర్ జి. సమరం శీర్షికకు పేరు రాయకుండా ఎందరో తమ గోడు వెళ్లబోసుకున్నారు. అయితే పత్రికకు రాసిన ఉత్తరానికి, ఇంటి డాక్టరుకు రాసిన ఉత్తరానికి పెద్ద తేడా ఉంది. పత్రికలో జవాబిచ్చే డాక్టరుకు రోగి నాన్నగారి గుండె సంగతి తెలియదు, రోగి చెయ్యి పట్టుకుని బీపీ చూడలేరు. తెనాలి డాక్టరుగారికి ఆ రెండూ సాధ్యమే. ఆయన ఈ ఉత్తరాన్ని ఎలా చదివారో వాక్యం వెంట వాక్యం చూస్తే, ఈ సమస్యకు వైద్యం ఎక్కడ మొదలవ్వాలో తెలుస్తుంది.

ఉత్తరంలో రెండో పేరా ఇలా ఉంది.

“ఫిబ్రవరి ఆఖర్లో మొదలైంది. మార్చి క్లోజింగ్ దగ్గరపడింది. మా టీమ్ టార్గెట్ సగం కూడా కాలేదు. ఒక సాయంత్రం కాన్ఫరెన్స్ కాల్‌లో పైఆఫీసరు అందరూ వింటుండగా నన్ను నిలదీశారు. ఆ రాత్రే మొదటిసారి ఇలా జరిగింది. ఆ తర్వాత నెలాఖరు వస్తే చాలు, ఇంటికి వెళ్లాలంటేనే భయంగా ఉంటోంది. ఇంకో సంగతి రాయాలో వద్దో తెలియదు. ఆదివారం ఆలస్యంగా లేచిన రోజుల్లో తెల్లవారుజామున మాత్రం మామూలుగానే గట్టిపడి ఉంటుంది. మే నెలలో ఇద్దరం అరకు వెళ్లాం. ఆ రెండు రోజులూ ఏ ఇబ్బందీ లేదు.”

రాయాలో వద్దో అని అతను సంకోచించిన వాక్యమే డాక్టరుకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది. ఆయన పెన్సిలుతో గీత గీసింది దాని కిందనే.

ఎందుకో అర్థం కావాలంటే అంగం ఎలా గట్టిపడుతుందో కొంచెం తెలియాలి. అంగం లోపల పొడవునా రెండు గొట్టాల్లా స్పాంజి వంటి కణజాలం ఉంటుంది. మామూలుగా అందులోని సన్నని కండరాలు బిగుసుకుని ఉంటాయి, రక్తం కొద్దిగానే వచ్చి పోతుంటుంది. కోరిక కలిగినప్పుడు వెన్నుపాము చివరి భాగం నుంచి వచ్చే నరాలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తాయి. దాంతో ఆ కండరాలు వదులవుతాయి, రక్తనాళాలు విచ్చుకుంటాయి, స్పాంజిలోకి రక్తం నిండుతుంది. నిండిన స్పాంజి ఉబ్బి, రక్తాన్ని బయటికి తీసుకుపోయే సిరలను చుట్టూ ఉన్న గట్టి పొర మీదికి అదిమేస్తుంది. వచ్చిన రక్తం వెనక్కి పోకుండా నిలవడం వల్లే గట్టితనం నిలుస్తుంది. మనిషి శరీరంలో కండరం వదులైతేనే జరిగే పనుల్లో ఇదొకటి. పట్టుదలతో, బలవంతంతో జరిగేది కాదు.

భయం, కోపం, అవమానం, రేపటి టార్గెట్ గురించి దిగులు, వీటన్నిటికీ శరీరం ఇచ్చే జవాబు ఒక్కటే: అడ్రినలిన్, దానికి తోబుట్టువైన నార్‌అడ్రినలిన్. ఇవి గుండె వేగాన్ని పెంచుతాయి, రక్తాన్ని కాళ్లూ చేతుల కండరాలకు మళ్లిస్తాయి, అంగంలోని ఆ సన్నని కండరాలను బిగిస్తాయి. పాము ఎదురైనప్పుడు పరిగెత్తడానికి ఈ ఏర్పాటు బాగా పనికొస్తుంది. పైఆఫీసరు మాటలు పడగ్గదిలో కూడా చెవుల్లో మోగుతున్న మనిషికి మాత్రం ఇదే అడ్డం తిరుగుతుంది. అతని నరాలు చెడిపోలేదు. అవి చేయాల్సిన పనే చేస్తున్నాయి, కాకపోతే తప్పు వేళలో.

ఇక తెల్లవారుజాము సంగతి. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి నిద్రలో కలలొచ్చే దశల్లో, రాత్రికి 3 నుంచి 5 సార్లు, తనకు తెలియకుండానే అంగం గట్టిపడుతుంది. ఉదయం మెలకువ వచ్చేసరికి కనిపించేది వాటిలో చివరిది. నిద్రలో టార్గెట్ ఉండదు, ఎలా జరుగుతుందో అనే భయమూ ఉండదు. అప్పుడు అంతా సవ్యంగా ఉందంటే నరాలు, రక్తనాళాలు, హార్మోన్లు చాలావరకు బాగానే పనిచేస్తున్నట్టు. సమస్య ఒక్కసారిగా మొదలవడం, అరకులో కనిపించకపోవడం, నెలాఖరులో ముదరడం కూడా అటే చూపిస్తున్నాయి. శరీరంలో లోపం వల్ల వచ్చేది సాధారణంగా ఇలా ఉండదు. నెలలూ ఏళ్లూ గడిచేకొద్దీ మెల్లమెల్లగా తగ్గుతుంది. సెలవు రోజైనా పనిరోజైనా ఒకేలా ఉంటుంది. తెల్లవారుజాము గట్టితనం కూడా తగ్గిపోతుంది.

అయినా డాక్టరుగారు ఉత్తరాన్ని అక్కడితో మడిచి పెట్టి “ఏం లేదు, అంతా టెన్షనే” అనలేదు. చాలామంది వైద్యులు తొందరపడేది ఇక్కడే. 34 ఏళ్ల మనిషి ఆఫీసు ఒత్తిడి అని చెప్పగానే మిగతావి అడగడం మానేస్తారు. ఒత్తిడి ఉన్నంత మాత్రాన ఇంకో జబ్బు లేనట్టు కాదు. ఈ సమస్యతో వచ్చేవాళ్లలో చాలామందికి మనసు, ఒళ్లు రెండూ కలిసే కారణం అవుతాయి.

ఉత్తరంలో మూడో పేరా ఆ అనుమానాన్ని బలపరిచింది. “పొద్దున్న ఎనిమిదికి బయల్దేరితే రాత్రి పదింటికి ఇల్లు చేరతాను. నిద్ర ఐదు గంటలు దాటదు. రోజుకు ఆరేడు సిగరెట్లు కాలుస్తున్నాను. ఉద్యోగంలో చేరాక పదకొండు కిలోలు పెరిగాను.” వీటి పక్కన డాక్టరు తనకు తెలిసిన సంగతి ఒకటి రాసుకున్నారు: తండ్రికి 52వ ఏట గుండెపోటు.

ఈ వాక్యాలకూ అంగానికీ సంబంధం రక్తనాళాల్లో ఉంది. అంగానికి రక్తం తెచ్చే ధమనులు చాలా సన్నవి, సుమారు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. గుండె కండరానికి రక్తం ఇచ్చేవి 3 నుంచి 4 మిల్లీమీటర్లు. షుగరు, బీపీ, పొగ, కొవ్వు, ఇవన్నీ రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. నైట్రిక్ ఆక్సైడ్ తయారయ్యేచోట్లలో ఆ పొర కూడా ఒకటి. నష్టం ఒళ్లంతా ఒకేసారి మొదలైనా, సన్నని నాళాల్లో ముందు బయటపడుతుంది. అందుకే గుండె జబ్బు లక్షణాలు కనిపించడానికి రెండు నుంచి ఐదేళ్ల ముందే కొందరిలో అంగస్తంభన సమస్య కనిపిస్తుంది. తండ్రికి గానీ అన్నదమ్ములకు గానీ 55 ఏళ్లలోపు గుండె జబ్బు వచ్చి ఉంటే ఆ ఇంటి మగపిల్లలకు ప్రమాదం మామూలుకన్నా ఎక్కువ. అంటే ఈ కుర్రవాడు రాసింది పడగ్గది సమస్యే అయినా, డాక్టరు చదివింది అతని గుండె గురించి కూడా.

నిద్ర గురించి కూడా ఒక మాట చెప్పాలి. మగ హార్మోను టెస్టోస్టిరాన్ ఎక్కువగా నిద్రలోనే తయారవుతుంది. అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులైన పదిమంది యువకులను ఒక వారం పాటు రాత్రికి ఐదు గంటలే నిద్రపోనిచ్చి చూశారు. పగటిపూట వాళ్ల టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. 2011లో వచ్చిన ఆ అధ్యయనం చిన్నదే. కానీ నెలల తరబడి ఐదు గంటల నిద్రతో నెట్టుకొచ్చే మనిషికి కోరిక ఎందుకు మందగిస్తుందో ఊహించడానికి అది చాలు.

ఆ తర్వాత ఉత్తరంలో అతను సిగ్గుపడుతూ రాసిన సంగతి వస్తుంది.

“కొలీగ్ ఒకతను 100 పవర్ మాత్ర ఇచ్చాడు. ఒక పెళ్లి విందులో రెండు పెగ్గులు తాగి, బిర్యానీ తిని వచ్చి వేసుకున్నాను. పడుకుని ఎప్పుడు పనిచేస్తుందా అని చూస్తూ ఉన్నాను. ఏమీ కాలేదు. తలనొప్పి మాత్రం పగిలిపోయింది. ఇక మందుతో కూడా బాగుపడనేమోనని ఆ రోజు నుంచి దిగులు పట్టుకుంది. పెళ్లికి ముందు హస్తప్రయోగం అలవాటుండేది. దానివల్ల నరాల బలహీనత వచ్చిందా?”

అతను వేసుకున్నది సిల్డెనాఫిల్. ఇంగ్లండులోని శాండ్‌విచ్ అనే ఊళ్లో ఫైజర్ కంపెనీ ప్రయోగశాలలో మొదట గుండె నొప్పి కోసం పరీక్షించిన మందు ఇది. గుండెకు ఆశించినంత పనికిరాలేదు గానీ పరీక్షల్లో పాల్గొన్న మగవాళ్లలో అంగం గట్టిపడటం కనిపించింది. 1998 మార్చి 27న అమెరికా ప్రభుత్వం దీన్ని అంగస్తంభన సమస్యకు వాడటానికి అనుమతించింది. శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ పాత్రను కనిపెట్టిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది కూడా అదే ఏడాది.

ఈ మాత్ర చేసే పని చాలా పరిమితం. నైట్రిక్ ఆక్సైడ్ విడుదలయ్యాక కండరాన్ని వదులు చేసే రసాయనం ఒకటి పుడుతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమును మాత్ర అడ్డుకుంటుంది. అంటే మొదలైనదాన్ని నిలబెడుతుంది తప్ప, లేనిదాన్ని మొదలుపెట్టదు. కోరిక, స్పర్శ లేకుండా మాత్ర వేసుకుని కప్పు చూస్తూ పడుకుంటే ఏమీ జరగదు. నూనె, నెయ్యి ఎక్కువున్న భోజనం తర్వాత వేసుకుంటే మందు రక్తంలోకి చేరడం దాదాపు గంట ఆలస్యమవుతుంది, చేరేదీ తగ్గుతుంది. మద్యం నరాలను మందగింపజేస్తుంది. వీటన్నిటి పైన, పనిచేస్తుందో లేదో అన్న కంగారు ఎటూ అడ్రినలిన్‌ను ఎగదోస్తూనే ఉంది. ఆ రాత్రి విఫలమైంది మందు కాదు, వాడిన పద్ధతి. అది తెలియక మనిషి ఇంకో నెల రోజులు కుంగిపోయాడు. చెప్పేవాళ్లు లేకుండా మాత్రలు చేతులు మారితే జరిగే నష్టాల్లో ఇది చిన్నదే.

పెద్ద నష్టం ఇంకోటి ఉంది. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్రలు తెలుగిళ్లల్లో చాలామందికి తెలుసు. అవి నైట్రేట్లు. నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచే రక్తనాళాలను విప్పుతాయి. సిల్డెనాఫిల్ కూడా అదే దారిలో చివర పనిచేస్తుంది. రెండూ ఒకే ఒంట్లో కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల వరకు, ఎక్కువసేపు పనిచేసే టాడలాఫిల్ అయితే 48 గంటల వరకు నైట్రేట్ వాడకూడదు. ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వెళ్లినవాళ్లు ఈ మాత్ర వేసుకున్న సంగతి దాచిపెడితే, అక్కడి డాక్టరు తెలియక నైట్రేట్ ఇచ్చే ప్రమాదం ఉంది. చట్టం ప్రకారం సిల్డెనాఫిల్‌ను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న నిబంధన అందుకే ఉంది.

హస్తప్రయోగం ప్రశ్నకు డాక్టరుగారి జవాబు ఒకే ఒక్క మాట: కాదు. దానివల్ల నరాలు చచ్చుబడవు, రక్తం పోదు, వీర్యం తరిగిపోదు. ఈ భయం మన దేశంలో ఎంత పాతుకుపోయిందంటే, వీర్యం పోవడం వల్ల నీరసించిపోయామని వచ్చే యువకుల బాధకు మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లోనే ధాతు సిండ్రోమ్ అని పేరు పెట్టారు. బస్టాండు గోడల మీద, కరెంటు స్తంభాల మీద “గుప్తరోగాలు, నరాల బలహీనత” అంటూ కనిపించే కాగితాలు బతికేది ఈ భయం మీదే. లైంగిక సామర్థ్యం పెంచుతామని, నపుంసకత్వం నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి మందులు, మంత్ర చికిత్సల చట్టం నిషేధించింది. మూలికలని అమ్మే పొడుల్లో, లేహ్యాల్లో చీటీ మీద రాయకుండా సిల్డెనాఫిల్ కలిపి ఉన్నట్టు పరీక్షల్లో పదేపదే బయటపడింది. సార్బిట్రేట్ వాడే పెద్దాయన మూలికే కదా అని అలాంటిది మింగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

డాక్టరుగారు ఉత్తరానికి ఉత్తరం రాయలేదు. ఫోన్ చేశారు.

“చూడు బాబూ, నువ్వు రాసింది మంచిపని. సగం పని నీ ఉత్తరమే చేసింది. మిగతా సగం నేను చెయ్యి పెట్టి చూడాలి. శనివారం పొద్దున్నే ఏమీ తినకుండా రా. ఈలోగా ఆ మాత్రలు ముట్టుకోవద్దు.”

“సరేనండీ. అమ్మకు తెలియకుండా...”

“నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నువ్వు ఒప్పుకుంటే తర్వాత ఎప్పుడైనా అమ్మాయిని కూడా తీసుకురా.”

శనివారం ఆయన చేసిన పని ఆర్భాటమేమీ లేనిది. ముందు ఐదు ప్రశ్నలున్న ఒక కాగితం ఇచ్చారు. గట్టిపడుతుందన్న నమ్మకం ఎంత, మధ్యలో నిలుస్తోందా, చివరిదాకా నిలపడం ఎంత కష్టం వంటివి. ఒక్కోదానికి గరిష్ఠంగా 5 మార్కులు, మొత్తం 25. 22కు పైన వస్తే సమస్య లేనట్టు, 7 లోపు వస్తే తీవ్రమైనట్టు. ఇతనికి 13 వచ్చింది. ఆ అంకెతో జబ్బు పేరు తెలియదు. మూడు నెలల తర్వాత మళ్లీ వేసి పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఆ తర్వాత బీపీ, నడుము కొలత, కాళ్లలో నాడి, వృషణాల పరీక్ష. అంగం వంకరపోయిందా, లోపల గట్టి గడ్డలేమైనా తగులుతున్నాయా అని చూశారు. వాడుతున్న మందులన్నీ అడిగారు. జుట్టు రాలడానికి ఫినాస్టరైడ్ వాడుతున్నావా, నిద్రకో దిగులుకో ఎవరైనా మాత్రలిచ్చారా అని ప్రత్యేకంగా అడిగారు. డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మందులు, బీపీకి ఇచ్చే కొన్ని మందులు, ఫినాస్టరైడ్ కూడా కొందరిలో ఇదే సమస్య తెస్తాయి. ఇతను ఏవీ వాడటం లేదు. చివరికి ఇంకో ప్రశ్న అడిగారు: “రోజంతా దిగులుగా, దేనిమీదా ఆసక్తి లేకుండా రెండు వారాలకు పైగా ఉందా? బతకడం ఎందుకని ఎప్పుడైనా అనిపించిందా?” అంగస్తంభన సమస్య డిప్రెషన్‌కు కారణమూ కావచ్చు, లక్షణమూ కావచ్చు. ఈ ప్రశ్న అడగకుండా ఈ సమస్యకు మందు రాయకూడదు. అతను “ఆఫీసు గురించి విసుగే గానీ అంతదూరం లేదండీ” అన్నాడు. అవునని చెప్పేవాళ్లు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ సేవ అది, తెలుగులోనూ మాట్లాడతారు.

రక్త పరీక్షల్లో టెస్టోస్టిరాన్ బాగానే ఉంది. దాన్ని ఉదయం ఎనిమిది, పది గంటల మధ్యే తీయాలి, మధ్యాహ్నానికి సహజంగానే తగ్గుతుంది కాబట్టి. ఒకసారి తక్కువొచ్చినా ఇంకో ఉదయం మళ్లీ చూడందే మందు మొదలుపెట్టరు. మిగతావి అంత బాగా లేవు. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బిఎ1సి 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా షుగరు రాబోతోందని హెచ్చరిక, 6.5 దాటితే వచ్చినట్టే. బీపీ 138/88. నడుము 98 సెంటీమీటర్లు, మన దేశపు మగవాళ్లకు 90 దాటకూడదు. చెడు కొలెస్ట్రాల్ ఎక్కువ, మంచిది తక్కువ.

ఏ ఒక్కటీ ఆసుపత్రిలో చేరాల్సినంతది కాదు. కానీ అన్నీ కలిపి చూస్తే, తండ్రి నడిచిన దారిలోనే కొడుకు పద్దెనిమిదేళ్ల ముందుగా అడుగుపెట్టాడు. నెలాఖరు కంగారు లేకపోతే ఈ పరీక్షలు అతను ఇంకో పదేళ్ల దాకా చేయించుకునేవాడు కాదు.

చికిత్స గురించి డాక్టరు మొదట చెప్పింది అతను ఊహించనిది. నెల రోజుల పాటు సంభోగం వద్దన్నారు.

ఇది అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో పనిచేసిన విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ 1970లో ప్రచురించిన పద్ధతి. ఇలాంటి మగవాళ్లు పడగ్గదిలో భర్తగా ఉండటం మానేసి, తమను తామే పరీక్షించుకునే ప్రేక్షకులుగా మారిపోతారని వాళ్లు గమనించారు. గట్టిపడిందా, నిలుస్తుందా, ఈసారైనా అవుతుందా అని లోపల ఒకటే లెక్క. ఆ లెక్కే అడ్రినలిన్‌ను రప్పిస్తుంది, దాంతో మెత్తబడుతుంది, మరుసటిసారి లెక్క ఇంకా పెరుగుతుంది. పరీక్షే లేకుండా చేస్తే ఈ చక్రం తెగుతుంది. అందుకే మొదటి రెండు వారాలు వారంలో రెండు మూడు సార్లు, అరగంట చొప్పున, దంపతులు ఒకరినొకరు వీపు, చేతులు, తల నిమురుకోవాలి. రొమ్ములు, జననాంగాలు ముట్టుకోకూడదు. గట్టిపడినా పట్టించుకోకూడదు, గట్టిపడకపోయినా పట్టించుకోకూడదు. తర్వాతి రెండు వారాల్లో ఒళ్లంతా ముట్టుకోవచ్చు గానీ సంభోగం అప్పుడూ లేదు. గట్టిపడి, మెత్తబడి, మళ్లీ గట్టిపడటం కళ్లారా చూస్తే, ఒకసారి పోయినది తిరిగొస్తుందన్న నమ్మకం కలుగుతుంది. ఆ తర్వాతే కలయిక, అదీ తొందర లేకుండా.

దీనికి భార్య కలిసిరావాలి. ఆవిడ రెండోసారి డాక్టరు దగ్గరకు వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడింది. నాలుగు నెలలుగా ఆయన ముఖం తిప్పుకుని పడుకుంటుంటే, తన మీద మనసు లేదేమోనని, ఇంకెవరైనా ఉన్నారేమోనని ఆవిడ లోలోపల నలిగిపోయింది. ఇంటికెళ్తే అత్తగారు “ఏమైనా విశేషమా?” అని అడుగుతున్నారు. భర్త ఆఫీసులో పడుతున్న అవమానం ఆవిడకు తెలియదు, ఆవిడ అనుమానం ఆయనకు తెలియదు. ఈ సమస్యలో భర్త మౌనాన్ని భార్య తన మీద విముఖతగా అర్థం చేసుకోవడం చాలా ఇళ్లల్లో జరుగుతుంది. పిల్లల కోసం లెక్కపెట్టిన తేదీల్లో కలవాలన్న పట్టుదల కూడా పరీక్షను ఇంకా కఠినం చేస్తుంది. ఆ నెలకు ఆ లెక్కలు పక్కన పెట్టమన్నారు డాక్టరు.

మందు అసలు వద్దనలేదు. రెండో నెలలో సిల్డెనాఫిల్ 50 మిల్లీగ్రాములు రాసిచ్చారు. తేలికపాటి భోజనం చేసి రెండు గంటలైనా గడిచాక, మద్యం లేకుండా, కలయికకు గంట ముందు వేసుకోవాలి. రోజుకు ఒకటికి మించకూడదు. తలనొప్పి, ముఖం వేడెక్కడం, ముక్కు దిబ్బడ మామూలే. గట్టితనం నాలుగు గంటలు దాటి తగ్గకపోతే మాత్రం సిగ్గుపడకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి, లేకపోతే లోపలి కణజాలం శాశ్వతంగా దెబ్బతింటుంది. కొన్నిసార్లు సఫలమైతే భయం తగ్గుతుంది, భయం తగ్గితే మాత్ర అవసరం తగ్గుతుంది. మందును ఆయన వాడింది అంతవరకే.

అన్నిటికంటే కష్టమైంది సిగరెట్టు, నిద్ర. ఆఫీసు మారమని డాక్టరు చెప్పలేరు, ఇంటి రుణం కంతులు అతనికీ ఉన్నాయి. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఆఫీసు వాట్సాప్ గ్రూపు చూడవద్దని, పదకొండుకల్లా పడుకోమని చెప్పారు. వారంలో నాలుగు రోజులు నలభై నిమిషాలు ఆయాసం వచ్చేలా నడవమన్నారు. ఈ నలభై నిమిషాలు, నాలుగు రోజులు గాలిలోంచి తీసిన అంకెలు కావు. వ్యాయామం వల్ల అంగస్తంభన మెరుగుపడిందని చూపిన అధ్యయనాలను సమీక్షించిన పరిశోధకులు, ఆరు నెలల పాటు వారానికి 160 నిమిషాలు అవసరమని తేల్చారు.

ఇలాంటి మనిషికి ఆరు నెలలకు ఏమవుతుంది? అద్భుతం జరగదు. ఇతని విషయంలో ఇలా ఊహించుకోవచ్చు: నాలుగు కిలోలు తగ్గాడు, సిగరెట్లు రెండుకు దిగాయి గానీ పూర్తిగా మానలేదు. హెచ్‌బిఎ1సి 5.8కి వచ్చింది. ఐదు ప్రశ్నల కాగితంలో 13 కాస్తా 21 అయింది. మాత్ర నెలకు ఒకటో రెండో, కొన్ని నెలలు అసలు అక్కర్లేదు. సెప్టెంబరు క్లోజింగ్‌లో ఒక రాత్రి మళ్లీ విఫలమైంది. ఈసారి ముఖం తిప్పుకుని పడుకోలేదు. ఆఫీసులో ఏం జరిగిందో భార్యకు చెప్పాడు.

అందరి కథా ఇలా ఉండదు. తెల్లవారుజామున కూడా గట్టిపడనివాళ్లు, కోరికే పోయినవాళ్లు, అంగం వంకరపోయి నొప్పి పుడుతున్నవాళ్లు, తలనొప్పితో పాటు చూపు మసకబారుతున్నవాళ్లు, రొమ్ములు ఉబ్బుతున్నవాళ్లు, తొడల మధ్య స్పర్శ తెలియనివాళ్లు టెన్షన్ అని సరిపెట్టుకోకూడదు. వాళ్లకు యూరాలజిస్టో, హార్మోన్ల నిపుణుడో, నరాల వైద్యుడో అవసరం. నడిస్తే ఛాతీ పట్టేసినట్టు ఉన్నవాళ్లు ముందు గుండె డాక్టరును కలవాలి, మాత్ర మాట ఆ తర్వాతే.

ఇది చదువుతున్నవాళ్లలో ఈ బాధ మూడు నెలలకు పైగా పడుతున్నవాళ్లు ఉంటే, నోటితో చెప్పలేకపోతే ఒక కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వండి. ఎప్పుడు మొదలైందో, ఒక్కసారిగానా మెల్లగానా, తెల్లవారుజామున ఎలా ఉంటోందో, ఏ మందులు వాడుతున్నారో, ఎవరిచ్చిన మాత్ర ఏదైనా వేసుకున్నారో, ఇంట్లో ఎవరికి ఏ వయసులో గుండె జబ్బు వచ్చిందో రాయండి. ఆ కాగితం చదివి బీపీ చూడకుండా, షుగరు పరీక్ష రాయకుండా మాత్ర మాత్రమే ఇచ్చి పంపితే, ఆ రెండు పరీక్షలూ మీరే అడిగి చేయించుకోండి.